80 ప్యాకెట్లు ఇస్తే చేతికి వచ్చింది 7,560: కమీషన్ మీద అమ్మేవాళ్లతో కాగితం ఎలా రాసుకోవాలి?

మిర్యాలగూడ పిండివంట
అందరికీ నమస్కారం. ఇంట్లో సకినాలు, మురుకులు చేసి అమ్ముతాను. మా అత్తమ్మ, పక్కింటి అక్క సాయం ఉంటారు. ఇన్నాళ్లూ ఊళ్లోనే ఆర్డర్లు. మొన్న సంక్రాంతికి మొదటిసారి హైదరాబాద్‌లో ఒక షాపు ఆయనకు కమీషన్ మీద సరుకు ఇచ్చాను. మా వారికి తెలిసినాయనే కాబట్టి కాగితమేం రాసుకోలేదు. "నాకు పావు వంతు చాలమ్మా" అన్నాడు, సరే అన్నాను.

అరకిలో ప్యాకెట్లు 80 పంపాను. మీద ధర 200. తయారుచేసింది జనవరి 5న, 30 రోజుల గడువు వేశాను. ఫిబ్రవరి 9న లెక్క చెప్పాడు. 62 అమ్ముడుపోయాయి, 18 వాపసు. ఆ 18లో 11 పొడి పొడి, 7 గడువు దాటినవి.

నా లెక్కలో 62 ప్యాకెట్లకు 12,400. అందులో పావు వంతు ఆయనకు 3,100 పోతే నాకు 9,300 రావాలి. ఫోన్‌పేలో వచ్చింది 7,560. అడిగితే ఇలా చెప్పాడు: 20 ప్యాకెట్లు 180కే ఇచ్చాడట, అందుకు 400 కోత. 5 ప్యాకెట్లు నూనె వాసన వస్తోందని తిరిగి తెస్తే డబ్బు ఇచ్చేశాడట, అందుకు 1,000. కార్గో రానుపోను 340.

గొడవ పెట్టుకోవాలని లేదు, ఉగాదికి మళ్లీ పంపమంటున్నాడు. ఈసారి కాగితం రాసుకుందామనుకుంటున్నాను. ఏం రాయాలి? నన్ను మోసం చేశాడా, లేక లెక్క ఇంతేనా?

భువనగిరి డిగ్రీ
అక్కా, మొదటి తప్పు అక్కడే ఉంది. 25 శాతం మార్జిన్ అంటే మీ ధర మీద 25 శాతం కలపాలి. మీకు 150 కావాలంటే 150 మీద 25 శాతం 37.50. అంటే ఆయన 187.50కి అమ్మాలి. 50 తీసుకుంటున్నాడంటే 33 శాతం లాగుతున్నట్టే. బీకాంలో మాకు ఇదే చెప్పారు.

పాత ఖాతా
తమ్ముడూ, నీ కూడికలో తప్పు లేదు కానీ ఇక్కడికి అతకదు. నువ్వు చెప్పేది కొన్న ధర మీద వేసుకునే లాభం. కమీషన్ అనేది అమ్మిన ధరలోంచి కోసుకునేది. 200లో పావు వంతు 50. అదే 50ని 150తో పోలిస్తే మూడో వంతు. రెండూ నిజమే. అందుకే ఒకరు ఒకటి అనుకుని, ఇంకొకరు ఇంకొకటి అనుకుని చేతులు కలుపుతారు, నెల తర్వాత కొట్టుకుంటారు.

నల్గొండలో కిరాణా హోల్‌సేల్ దుకాణంలో 22 ఏళ్లు ఖాతాలు రాశాను. కాగితం మీద శాతం రాయొద్దనే చెబుతాను. రూపాయల్లో రాయండి. "అరకిలో ప్యాకెట్ మీద ధర 200. తయారు చేసినవాళ్లకు 150, అమ్మినవాళ్లకు 50." చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది, రెండో అర్థం తీయడానికి ఉండదు.

అమ్మా, మీ 1,740 తేడా గురించి రాత్రికి కూర్చుని రాస్తాను. ఈలోగా ఒకటి చెప్పండి. ఒక ప్యాకెట్ తయారీకి మీకు ఎంత పడుతోంది? బియ్యం, నువ్వులు, వాము, నూనె, గ్యాస్, గిర్ని, కవర్, పక్కింటి అక్కకు ఇచ్చేది, అన్నీ కలిపి చెప్పండి.

అమ్మమ్మ గిర్ని
సకినాలు విరిగిపోతున్నాయంటే పిండి తడి ఆరిపోయిందన్నమాట. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, తడి ఉండగానే పట్టించుకోవాలి. పొడి పిండితో చేస్తే చుట్టు నిలవదు. నువ్వులు ఎక్కువైనా విడిపోతాయి. బట్ట మీద చుట్టినాక కాసేపు ఆరనిచ్చి అప్పుడు నూనెలో వేయాలి. మా కోడలికి ఎన్నిసార్లు చెప్పినా వినదు.

మిర్యాలగూడ పిండివంట
పెద్దమ్మా, థాంక్స్. కానీ ఇంట్లో విరగలేదు, హైదరాబాద్ పోయాకే విరిగాయి :) చేసేది మా అత్తమ్మే, తడి పిండితోనే.

పాత ఖాతా సార్, పుస్తకం తీసి చూశాను. అన్నీ కలిపి ప్యాకెట్‌కి 105 పడింది. నా కష్టం, అత్తమ్మ కష్టం అందులో వేయలేదు.

కౌంటర్ వెనక
మహబూబ్‌నగర్‌లో నాకు చిన్న స్వీట్ షాపు ఉంది. ఇలాంటి ఇంటి సరుకు నలుగురి దగ్గర తీసుకుంటాను. అందరూ షాపువాడిని దొంగలా చూస్తున్నారు కాబట్టి ఆయన వైపు నుంచి చెబుతాను.

20 ప్యాకెట్లకు 20 రూపాయలు తగ్గించాడు. ఎప్పుడు తగ్గించాడో అడిగారా? పండుగ అయిపోయి, గడువు దగ్గరపడ్డాక తగ్గించి ఉంటే ఆయన మీకు మేలే చేశాడు. తగ్గించకపోతే ఆ 20 కూడా మీకే వాపసు వచ్చేవి. 20 ఇంటూ 150, మూడు వేలు పోయేది. 400 పోయిందని బాధపడుతున్నారు.

ఇంకోటి. నా షాపులో అడుగు షెల్ఫ్‌కి కూడా కిరాయి కడతాను. మీ 80 ప్యాకెట్లు పెడితే కంపెనీ సరుకు పక్కకు జరపాలి.

భువనగిరి డిగ్రీ
అయితే అడగకుండా తగ్గించొచ్చా అన్నా? రేపు 150కి అమ్మి నాకు 50 పోను నీకు 100 అంటే?

కౌంటర్ వెనక
అది తప్పే. అడగాలి. ఫోన్ చేయడానికి ఎంతసేపు. నేను చెప్పింది తగ్గించడం గురించి, చెప్పకుండా తగ్గించడం గురించి కాదు.

పాత ఖాతా
కూర్చున్నాను. కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు 1,000 సంగతి. కొన్నవాళ్లు 5 ప్యాకెట్లు వెనక్కి ఇచ్చారు. అంటే ఆ 5 అమ్మకాలు జరగనట్టే. అమ్మకం లేనప్పుడు కమీషన్ కూడా లేదు. షాపు ఆయన 62కీ ప్యాకెట్‌కి 50 చొప్పున ముందే తీసేసుకున్నాడు. తర్వాత 5 ప్యాకెట్లకు పూర్తి 200 మీ వాటాలోంచి కోశాడు. అంటే వెనక్కి వచ్చిన ప్యాకెట్ మీద కూడా ఆయన 50 ఆయన దగ్గరే ఉంది. కోయాల్సింది 150 చొప్పున 750. కాబట్టి 250 మీకు రావాలి. ఇది మోసమని నేను అనను. చాలామంది ఇలాగే చేస్తారు, తెలియక. కానీ అడిగి తీసుకోండి.

400 సంగతి. 180కి అమ్మితే అందులో పావు వంతు 45. ఆయన 50 తీసుకున్నాడు. అంటే ధర తగ్గించిన భారం మొత్తం మీ మీదే పడింది, ఆయనకు రూపాయి తగ్గలేదు. అడగకుండా తగ్గించాడు కాబట్టి 400 మొత్తం ఇమ్మని అడగొచ్చు. కౌంటర్ వెనక చెప్పినట్టు చివరి రోజుల్లో తగ్గించి ఉంటే, ఆయన 100, మీరు 300 భరించడం న్యాయం. నేనైతే ఆ 100 అడిగి వదిలేస్తాను.

కార్గో 340 గురించి మాట్లాడుకోలేదు. మాట్లాడుకోనిదానికి ఎవరిదీ తప్పు కాదు.

ఇక అసలు విషయం. ఇదంతా గెలిచినా ఏమొస్తుందో చూడండి.

80 ప్యాకెట్ల తయారీ ఖర్చు 105 చొప్పున 8,400. వెనక్కి వచ్చిన 5 తీసేస్తే నిజంగా అమ్ముడుపోయినవి 57. ఒక్కటి కూడా ధర తగ్గకుండా పోయాయనుకున్నా 57 ఇంటూ 150, 8,550. మిగులు 150 రూపాయలు. కార్గో 340 మీరే కట్టుకుంటే 190 నష్టం. షాపు ఆయన దేవుడిలా లెక్క చెప్పినా సరే, మీకు పండుగ పూట మిగిలేది ఏమీ లేదు.

105ని 150తో భాగిస్తే 70 శాతం. అంటే పంపిన ప్రతి పది ప్యాకెట్లలో ఏడు అమ్ముడుపోతేనే మీ ఖర్చు మీకు వస్తుంది. ఎనిమిదో ప్యాకెట్ నుంచే మీ కష్టానికి కూలి మొదలు. 80లో 56 ఆ గీత. మీరు 57 దగ్గర ఆగారు.

కాబట్టి కాగితంలో ముందు తేల్చుకోవాల్సింది శాతం కాదు. ఒకసారికి ఎన్ని పంపాలి, మిగిలినవి ఏ రోజున వెనక్కి రావాలి అనేది.

మిర్యాలగూడ పిండివంట
సార్, మూడుసార్లు చదివాను. నేను 62 అమ్ముడుపోయాయని సంతోషపడ్డాను. అత్తమ్మకు చదివి వినిపిస్తే "అందుకే నడుము నొప్పి తప్ప ఏం మిగల్లేదు" అంది.

80 ఎందుకు పంపానంటే ఆయనే అడిగాడు. పండుగ కదా అన్నాడు.

జడ్చర్ల సంచులు
అడుగుతారు అక్కా, అడగడానికి వాళ్లకేం ఖర్చు? మిగిలితే మీదే కదా నష్టం. నేను బట్ట సంచులు కుడతాను. పాడయ్యేవి కావు కాబట్టి నాకు గడువు టెన్షన్ లేదు అనుకున్నాను. ఒక షాపులో 40 పెట్టాను, 14 అమ్మి డబ్బు ఇచ్చాడు. ఇంతలో షాపు కిరాయి కట్టలేదని ఓనర్ తాళం వేశాడు. నా 26 సంచులు లోపల. ఓనర్‌ని అడిగితే "లోపల ఉన్న సామానంతా షాపువాడిదే, బాకీ తీరాకే ఇస్తా" అన్నాడు. నా సంచులని చూపించడానికి ఒక్క కాగితం లేదు. వాట్సాప్‌లో "40 అందాయి" అన్న మెసేజ్ కూడా లేదు, ఫోన్‌లోనే చెప్పాడు. ఎనిమిది నెలలైంది, ఇంకా లోపలే ఉన్నాయి.

చిన్న వకీలు
నల్గొండ కోర్టులో జూనియర్‌ని. జడ్చర్ల అక్క చెప్పినదానికి, అసలు ప్రశ్నకు ఒకే ముడి ఉంది. సరుకు ఎవరిది?

రెండు రకాలుగా ఇవ్వొచ్చు. ఒకటి, షాపు ఆయన మీ ఏజెంటు. సరుకు మీదే, ఆయన మీ తరఫున అమ్మి కమీషన్ తీసుకుంటాడు. అప్పుడు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం మీరు అడిగితే లెక్క చెప్పాల్సిన బాధ్యత ఆయన మీద ఉంటుంది, 213వ సెక్షన్. వచ్చిన డబ్బులో తనకు రావాల్సింది పట్టుకుని మిగతాది మీకు అప్పగించాలి.

రెండోది, "అమ్ముకో, లేదంటే తిరిగి ఇవ్వు" అనే పద్ధతి. దీనికి 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 24వ సెక్షన్ ఉంది. తిరిగి ఇవ్వడానికి ఒక తేదీ పెట్టుకుని, ఆ తేదీ లోపల వద్దని చెప్పకుండా సరుకు తన దగ్గరే ఉంచుకుంటే, ఆ సరుకు ఆయన కొన్నట్టే అవుతుంది. తేదీ పెట్టుకోకపోతే "సమంజసమైన కాలం" అంటుంది చట్టం. అది ఎంత అన్నది మళ్లీ గొడవే.

మీ 7 ప్యాకెట్లు గడువు దాటాక వచ్చాయి కదా. తేదీ రాసుకుని ఉంటే ఆ ఏడింటికి 1,050 అడిగే హక్కు మీకు ఉండేది. కాగితంలో ఈ రెండు రకాల్లో ఏదో ఒకటి స్పష్టంగా రాయండి. రెండూ కలిపితే ఇద్దరు వకీళ్లకు పని దొరుకుతుంది.

భువనగిరి డిగ్రీ
100 రూపాయల బాండ్ పేపర్ మీద రాసి నోటరీ చేయిస్తేనే చెల్లుతుంది కదా? మామూలు కాగితం మీద రాస్తే వేస్ట్.

చిన్న వకీలు
వేస్ట్ కాదు తమ్ముడూ. నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే, రుజువు చేయడమే కష్టం. స్టాంపు లేని కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోవాలంటే అప్పుడు స్టాంపు డబ్బు, మీద జరిమానా కట్టాలి. 100 రూపాయలతో ఆ తలనొప్పి పోతుంది కాబట్టి బాండ్ మీద రాసుకోవడం మంచిదే. నోటరీ తప్పనిసరి కాదు. పదిహేను వేల సరుకు కోసం ఎవరూ కోర్టుకు రారు, ఇది నేను చెప్పకూడదు కానీ చెబుతున్నాను. కాగితం పని ఏమిటంటే, ఇద్దరూ మొదటి రోజే ఒకే లెక్క ఒప్పుకునేలా చేయడం.

పాత ఖాతా
నేనూ అదే అంటాను. బాండ్ కన్నా ముఖ్యమైనది ప్రతి సరుకుతో పాటు వెళ్లే చీటీ. రెండు కాపీలు. తయారుచేసిన తేదీ, బ్యాచ్ నంబరు, ఎన్ని ప్యాకెట్లు, ధర. అందుకున్నాయన లెక్కపెట్టి సంతకం పెట్టి ఫోటో పంపాలి. జడ్చర్ల అమ్మాయికి ఆ చీటీ ఉంటే ఓనర్ ముందు పెట్టడానికి ఏదో ఒకటి ఉండేది.

మిర్యాలగూడ పిండివంట
వకీలు గారు చెప్పినదాంట్లో ఏజెంటు పద్ధతే నాకు సరిపోతుందనిపిస్తోంది. మరి 11 ప్యాకెట్లు పొడి అయ్యాయి కదా, వాటి సంగతి? కార్గోలో విరిగాయంటాడు ఆయన. షాపులోనే విరిగాయేమో అని నా అనుమానం.

కౌంటర్ వెనక
అది కనిపెట్టొచ్చు. డబ్బా దించేటప్పుడు గట్టిగా పడేస్తే అడుగు వరసలో ఉన్నవన్నీ ఒకేలా చితికిపోతాయి. అంటే 11 ఒకేసారి, సరుకు అందిన రోజే కనిపించాలి. షాపులో అయితే ఒకటీ రెండూ అలా విరుగుతాయి. పైన బరువైన డబ్బాలు పెట్టడం వల్లో, కస్టమర్లు నొక్కి చూడటం వల్లో. ఇంకో గుర్తు చెబుతా. దారిలో విరిగినదాంట్లో పొడితో పాటు పెద్ద ముక్కలు ఉంటాయి. షెల్ఫ్ మీద రోజుల తరబడి నలిగినదాంట్లో అంతా రవ్వలాగే ఉంటుంది. ఇది గ్యారంటీ గుర్తు కాదు, నా అనుభవం.

నా దగ్గర పద్ధతి ఏమిటంటే, డబ్బా వచ్చిన 24 గంటల్లో విప్పి, విరిగినవి ఉంటే ఫోటో పంపుతాను. అవి ఇచ్చినవాళ్లవి. ఆ తర్వాత విరిగితే నావి. మొదట్లో నాకు నష్టమే అనిపించింది. కానీ దీని వల్ల మా పిల్లవాడు డబ్బాలు నెమ్మదిగా పెట్టడం నేర్చుకున్నాడు.

అమ్మమ్మ గిర్ని
సకినాలు నిలువుగా పేర్చి కవర్లో పెట్టకండి. అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెడితే విరగవు. మేము పెళ్లి సారె పంపేటప్పుడు గంపలో అట్లనే పెట్టేవాళ్లం. అడుగున కాగితాలు నలిపి వేసేవాళ్లం.

జడ్చర్ల సంచులు
పెద్దమ్మా ఈసారి కరెక్ట్ ప్రశ్నకే జవాబు ఇచ్చింది!

భువనగిరి డిగ్రీ
నూనె వాసన వచ్చిందని 5 వెనక్కి వచ్చాయి కదా, అది మాత్రం తయారీ తప్పే. అందులో షాపు ఆయనను అనడానికి ఏముంది?

పాత ఖాతా
తప్పకుండా అని చెప్పలేం. వేయించిన నూనె పాతదైతే వాసన వస్తుంది. మంచి నూనెలో వేయించినా, పల్చటి కవర్లో వేసి రోజంతా ఎండ పడే అద్దాల షెల్ఫ్‌లో పెడితే కూడా వస్తుంది. వేడి, వెలుతురు, గాలి ఈ మూడూ నూనెకు శత్రువులు.

మా దుకాణానికి పల్లీ పట్టీలు వేసే ఒక ముసలాయన ఉండేవాడు. ప్రతి బ్యాచ్‌లో ఒక ప్యాకెట్ ఇంట్లో ట్రంకు పెట్టెలో దాచేవాడు. ఫిర్యాదు వస్తే ఆ ప్యాకెట్ తెచ్చి అందరి ముందూ విప్పేవాడు. అది కూడా వాసన వస్తే మాట్లాడకుండా డబ్బు ఇచ్చేవాడు. అది బాగుండి, షాపులోది పాడైతే "మీరు ఎక్కడ పెట్టారో చూపించండి" అనేవాడు. అమ్మా, మీరూ బ్యాచ్‌కి ఒకటి పక్కన పెట్టండి. 105 రూపాయల ఖర్చు, కానీ మీ తరఫు సాక్షి. కవర్ మీద బ్యాచ్ నంబరు లేకపోతే మాత్రం ఇది పనికిరాదు. ఏ ప్యాకెట్‌కి ఏది జత అని ఎలా తెలుస్తుంది?

ఇంకో మాట. ఆ 5 ప్యాకెట్లు మీకు వాపసు వచ్చాయా?

మిర్యాలగూడ పిండివంట
లేదు సార్. పారేశానన్నాడు.

పాత ఖాతా
ఇకపై ప్యాకెట్ కనిపించకపోతే కోత లేదు. ఖాళీ కవరైనా సరే, బ్యాచ్ నంబరు కనిపించేలా వెనక్కి రావాలి.

కౌంటర్ వెనక
సార్, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. కస్టమర్ సగం తిని "బాగాలేదు" అంటే గొడవ ఎందుకని డబ్బు ఇచ్చేస్తాం. చీమలు పట్టే ప్యాకెట్‌ని వారం రోజులు దాచమంటే ఎలా? ఫోటో చాలు.

పాత ఖాతా
ఒకే ప్యాకెట్‌ని అయిదుసార్లు ఫోటో తీయొచ్చు కదా నాయనా.

కౌంటర్ వెనక
అంత అనుమానం ఉంటే అసలు సరుకే ఇవ్వొద్దు సార్. లేదంటే నాకు టోకున అమ్మేయమనండి, వాపసు గోల ఉండదు. ఇంట్లో చేసే అక్కలందరికీ నేను చెప్పేది అదే. వాపసు ఉంటే నాకు ప్యాకెట్‌కి 50 చాలు. వాపసు లేకుండా నేనే కొనాలంటే 130కి ఇవ్వండి, 70 నాది. మిగిలితే నా ఖర్మ.

జడ్చర్ల సంచులు
130 అంటే అక్కకు 25 రూపాయలే మిగులుతుంది అన్నా. 45 ఎక్కడ, 25 ఎక్కడ!

పాత ఖాతా
తొందరపడొద్దు. 40 ప్యాకెట్లు పంపారనుకోండి. టోకున 130కి ఇస్తే 5,200. ఖర్చు 4,200. చేతికి వెయ్యి, ఆ రోజే. కమీషన్ మీద ఇస్తే అదే వెయ్యి రావాలంటే 40లో 35 అమ్ముడుపోవాలి. 35 కన్నా తక్కువ పోతే టోకు అమ్మకమే మేలు. మొన్న మీ షాపులో 80కి 57 పోయాయి. 40కి లెక్కేస్తే 28, 29. పండుగ లేని నెలలో ఇంకా తగ్గుతుంది. అయితే 80 ఒకేసారి పెట్టినప్పటి లెక్క ఇది. 30 పెట్టి, పది మిగిలినప్పుడు ఫోన్ చేసి మళ్లీ నింపితే అమ్మకం శాతం పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో రెండు విడతలు పంపితే గానీ తెలియదు.

కౌంటర్ వెనక, ఆ వాపసు ప్యాకెట్ విషయంలో నీ మాట కూడా కొట్టేయలేను. నెలకు రెండు ప్యాకెట్ల దాకా ఫోటోతో, అంతకు మించితే ప్యాకెట్ చూపించాలి అని రాసుకోవచ్చేమో.

అమ్మా, కాగితం ఇలా రాయండి. భాష మీకు నచ్చినట్టు మార్చుకోండి.

"ఈ సరుకు అమ్ముడుపోయేవరకు తయారుచేసినవారిదే. షాపువారు వారి తరఫున అమ్మి కమీషన్ తీసుకుంటారు. అరకిలో ప్యాకెట్ ధర 200. తయారుచేసినవారికి 150, షాపువారికి 50. ఒక విడతకు 30 ప్యాకెట్లకు మించి పంపరు. సరుకు అందిన 24 గంటల్లో షాపువారు లెక్కపెట్టి చీటీ మీద సంతకం పెట్టి ఫోటో పంపాలి. అప్పటికే విరిగినవి ఉంటే అవి తయారుచేసినవారివి, ఆ తర్వాత విరిగినవి షాపువారివి.

తయారైన తేదీ నుంచి 20వ రోజున షాపువారు మిగిలిన సంఖ్య చెప్పాలి. ఆ రోజు ఇద్దరూ మాట్లాడుకుని మిగిలినవి వెనక్కి పంపడమో, ధర తగ్గించడమో తేల్చుకోవాలి. తగ్గించిన ధరలో నాలుగింట మూడు వంతులు తయారుచేసినవారికి, ఒక వంతు షాపువారికి. 20వ రోజున చెప్పకపోతే, మిగిలిన ప్యాకెట్లకు ఒక్కోదానికి 150 షాపువారు చెల్లించాలి.

కొన్నవారు తిరిగి ఇచ్చిన ప్యాకెట్ మీద ఎవరికీ వాటా లేదు. పంపే కార్గో తయారుచేసినవారిది, వాపసు కార్గో షాపువారిది. ప్రతి నెల 1న, 16న లెక్క, మూడు రోజుల్లో చెల్లింపు."

చిన్న వకీలు
సార్, "20వ రోజున చెప్పకపోతే" అన్న వాక్యం మంచిది. ఏజెంటు పద్ధతిలో 24వ సెక్షన్ రాదు కాబట్టి, ఆ పని చేసే వాక్యం కాగితంలోనే ఉండాలి. ఒకటి కలపండి. ఎవరైనా ఆపేయాలనుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అప్పుడు షాపులో ఉన్న సరుకు ఎన్ని రోజుల్లో వెనక్కి రావాలి. జడ్చర్ల అక్క కథలో లేనిది అదే. ఓనర్ తాళం వేస్తే ఈ కాగితం ఒక్కటే చాలుతుందా అంటే అది వేరే గొడవ. కానీ చేతిలో ఏమీ లేకుండా ఉండటం కన్నా నయం.

జడ్చర్ల సంచులు
నాకు బిల్లు సంగతి కూడా అర్థం కాలేదు. షాపు పేరు మీద బిల్లు వేస్తే జీఎస్టీ ఎవరు కట్టాలి?

చిన్న వకీలు
అక్కా, బిల్లు ఎవరి పేరు మీద వేస్తున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. షాపు ఆయన ఆడిటర్‌ని అడగండి, ఇక్కడ తేల్చేది కాదు. కావాలంటే విడిగా ఇంకో చర్చ పెట్టండి.

మిర్యాలగూడ పిండివంట
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. కాగితం ఫోటో తీసి ఆయనకు పంపాను. మొదట "ఇంత లెక్కా అమ్మా" అని నవ్వాడు. తర్వాత ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాడు. 250, 100 కలిపి 350 వేశాడు, అడగగానే. 24 గంటల మాటకు ఒప్పుకున్నాడు. 30 ప్యాకెట్లకు ఒప్పుకున్నాడు, కానీ ఉగాది వారం మాత్రం 50 కావాలన్నాడు. సరే, ఆ ఒక్క వారం అన్నాను. పైన ఉన్న 20 మాత్రం టోకున 130కి తీసుకోమన్నాను, ఒప్పుకున్నాడు. ఈ ఉపాయం కౌంటర్ వెనక అన్న రాసినదాంట్లోదే.

వాపసు కార్గో దగ్గర ఆగింది. తనది కాదంటున్నాడు. సగం సగం అన్నాను, ఆలోచిస్తానన్నాడు. కస్టమర్ తిరిగి ఇచ్చినవాటికి ప్యాకెట్ చూపించమంటే మీలాగే గొడవ పడ్డాడు అన్నా. అది ఖాళీగా వదిలి మిగతా దాని మీద సంతకం పెట్టుకున్నాం.

అత్తమ్మ ట్రంకు పెట్టె దులిపింది. మొదటి బ్యాచ్ సాక్షి ప్యాకెట్ అందులో పెట్టాను. మా చిన్నోడి కళ్లు దాని మీదే ఉన్నాయి, తాళం వేశాను.

అమ్మమ్మ గిర్ని
ఉగాదికి సకినాలు ఎవరు కొంటారు బిడ్డా? ఎండలు మొదలైతాయి. అప్పాలు, గరిజెలు పంపు.

మిర్యాలగూడ పిండివంట
అది నిజమే పెద్దమ్మా. 30లో 10 మాత్రమే సకినాలు పెడతాను. అప్పాలకు ఖర్చు ఎంత పడుతుందో మళ్లీ పుస్తకం రాయాలి.